పేరా ఒకటే, స్లైడ్లు నాలుగు: వాక్యం చివరి క్రియే చెప్తుంది దాన్నేం చెయ్యాలో

ప్రశ్న: సార్, నల్లగొండ జిల్లాలో హైస్కూల్ సైన్స్ టీచర్‌ని. స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఫ్లోరైడ్ గురించి ఇరవై నిమిషాలు చెప్పాలి. నా స్లైడ్లన్నీ పేరాలే. పోయినసారి వెనక బెంచీల వాళ్లు ఏమీ కనబడలేదన్నారు. తగ్గిద్దామంటే ఏ మాట తీసినా విషయం పోతుందేమోనని భయం. ఒక స్లైడ్‌లో ఉన్నది కింద పెడుతున్నాను, దీన్నేం చెయ్యాలో చెప్పండి.

"తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. ప్రత్యామ్నాయ నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చును. ఈ పరిమితిని మించిన నీటిని చిన్నతనం నుండి తాగినచో దంతములపై చారలు ఏర్పడును. నీటిని మరిగించుట ద్వారా ఫ్లోరైడ్ తొలగిపోదు. నల్లగొండ పద్ధతిలో నీటికి సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి, బాగుగా కలియబెట్టి, తేరుకొనుటకు ఉంచి, పై నీటిని వడగట్టి వాడుకొనవలెను."

జవాబు:

మేడం, ముందు ఆ పేరాను కట్ చేసి అదే స్లైడ్ కింద ఉండే Notes పెట్టెలో పేస్ట్ చెయ్యండి. కింద ఆ పెట్టె కనబడకపోతే అడుగున ఉన్న Notes బటన్ నొక్కితే వస్తుంది. ఈ ఒక్క పని చేస్తే మాట పోతుందన్న భయం తీరిపోతుంది, ఎందుకంటే మాటలన్నీ మీ ముందే ఉంటాయి, చూసేవాళ్లకు కనబడవు అంతే. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు టీచర్ల శిక్షణల్లో చాలా ఏళ్లు స్లైడ్లు వేశాను. స్లైడ్ తగ్గించమంటే ఎవరైనా ముందు మాటలు కొట్టెయ్యడం మొదలుపెడతారు, అక్కడే చిక్కు పడతారు. పేరా భద్రంగా ఉందని తెలిశాకే చేతికి ధైర్యం వస్తుంది.

వెనక బెంచీకి ఎందుకు కనబడలేదో కూడా చెప్తాను, ఇందులో మీ తప్పు సగమే. పవర్‌పాయింట్‌లో మనం టైపు చేస్తూ పోతే, పెట్టె నిండగానే అది మనల్ని అడగకుండానే అక్షరాలు చిన్నవి చేస్తుంది. ఇరవై ఎనిమిదితో మొదలుపెడతాం, పేరా అయ్యేసరికి పదహారు దగ్గర ఉంటాం. ల్యాప్‌టాప్ మన ముందే ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. File > Options > Proofing > AutoCorrect Options లోకి వెళ్లి, AutoFormat As You Type ట్యాబ్‌లో AutoFit body text to placeholder దగ్గర టిక్ తీసెయ్యండి. ఇక మీదట మాటలు ఎక్కువైతే పెట్టె దాటి కిందికి కారిపోతాయి. చూడ్డానికి బాగుండదు, కానీ ఎక్కువైందన్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

ఇక పేరా సంగతి. దాన్ని ఎలా తగ్గించాలని ఆలోచించకండి, అందులో ఎన్ని రకాల పనులు జరుగుతున్నాయో చూడండి. తెలుగులో ఇది చాలా సులువు, క్రియ వాక్యం చివర కూర్చుని ఉంటుంది గనక. ఏ వాక్యానికి బొమ్మ కావాలి, దేనికి పటం కావాలి, ఏది మాటగానే ఉండాలి అనేది ఆ క్రియే చెప్పేస్తుంది. మీ పేరాలో "వరకు, మించిన" అని ఉన్న చోట రెండు అంకెల్ని పోలుస్తున్నారు. "చారలు ఏర్పడును" అన్నచోట కంటికి కనబడే దాన్ని వర్ణిస్తున్నారు. "తొలగిపోదు" అన్నచోట ఒక నమ్మకాన్ని కాదంటున్నారు. చివరి వాక్యంలో "కలిపి, కలియబెట్టి, ఉంచి, వడగట్టి" అని వరసపెట్టి పోతున్నారు. ఈ నాలుగింటినీ ఒకే స్లైడ్ మీద ఒకే సైజు అక్షరాల్లో పెట్టడమే ఇరుకు. నాలుగు స్లైడ్లు చెయ్యండి. స్లైడ్ల లెక్క పెరుగుతుందని భయపడొద్దు, మీరు మాట్లాడే సమయం పెరగదు.

చివరి వాక్యంతో మొదలుపెడదాం, అది అన్నిటికంటే తేలిక. "కలిపి, కలియబెట్టి, ఉంచి, వడగట్టి." మీ బడి తెలుగు సార్‌ని అడిగితే వీటిని క్త్వార్థకాలంటారు. ఒక పని అయ్యాకే ఇంకో పని అని చెప్పే రూపం అది. అంటే ప్రతి క్త్వార్థకం ఒక డబ్బా, రెండు డబ్బాల మధ్య ఒక బాణం. పేరాలోనే పటం దాగి ఉంది, దాన్ని బయటికి తియ్యడమే మన పని:

కలుపు → తిప్పు → తేర్చు → వడగట్టు

నాలుగూ ఒకే రూపంలో ఉన్నాయి చూడండి, అన్నీ పనులే, అన్నీ ఒక్కో మాటే. "మిశ్రమం → తిప్పుట → తేరిన నీరు → వడపోత" అని రాస్తే ఒక డబ్బాలో వస్తువు, ఇంకో దాంట్లో పని, మూడో దాంట్లో ఫలితం కూర్చుంటాయి. అప్పుడు బాణానికి అర్థం పోతుంది. వస్తువు నుంచి పనికి బాణం వేస్తే "దీన్ని ఇలా చెయ్యి" అనా, "దీని తర్వాత ఇది" అనా? చూసేవాళ్లు తేల్చుకోలేక పటం వదిలేసి మీ ముఖం చూస్తారు.

డబ్బా లోపల ఒక మాట, డబ్బా కింద ఒక్క వివరం, అంతే. "కలుపు" కింద సున్నం, బ్లీచింగ్, పటిక. "తిప్పు" కింద నెమ్మదిగా 10 నిమిషాలు. "తేర్చు" కింద 1 గంట. "వడగట్టు" కింద ఏమీ అక్కర్లేదు. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు అని, పటిక ఎంతన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుందని, అందుకే నీటి పరీక్ష చేయించకుండా పాళ్లు చెప్పలేమని మీరు నోటితో చెప్పండి. పటిక వేస్తే నీటి క్షారత తగ్గిపోతుంది గనక దాన్ని నిలబెట్టడానికి, ముద్దలు బాగా కట్టి కిందికి దిగడానికి సున్నం అన్నది కూడా నోటి మాటే. ఆ పాళ్లు, ఆ కారణాలు Notesలో ఉండాలి. స్లైడ్‌లోకి వస్తే మళ్లీ పేరా అయిపోతుంది, కాకపోతే డబ్బాల్లో ఉన్న పేరా.

ఈ తప్పు చాలా మంది చేస్తారు గనక కాస్త ఆగి చెప్తాను. పేరాను ఎంచుకుని Home ట్యాబ్‌లో Convert to SmartArt నొక్కితే పవర్‌పాయింట్ వాక్యాలను అలాగే తీసుకెళ్లి డబ్బాల్లో కుక్కుతుంది. రంగులొస్తాయి గనక పటం అయిపోయిందనిపిస్తుంది. పైగా అందులో ఒక మెలిక ఉంది. ఒక డబ్బాలో మాటలు ఎక్కువైతే, మిగతా డబ్బాలన్నిట్లోనూ అక్షరాలు దాంతోపాటే చిన్నవవుతాయి. కాబట్టి ముందు పేరాను నాలుగు మాటలు చేసుకుని, నాలుగు వరసల్లో టైపు చేసి, అప్పుడు SmartArt నొక్కండి. రకం ఎంచుకునేటప్పుడు Process వైపు చూడండి. గుండ్రంగా తిరిగే Cycle అందంగా కనబడుతుంది కానీ, వడగట్టిన నీళ్లు మళ్లీ "కలుపు" దగ్గరికి రావు కదా.

పటం గీస్తే ఇంకో లాభం ఉంది. నాకైతే స్లైడ్ తేలికవడం కంటే ఇదే పెద్దది. పేరాలో కప్పుకుపోయిన లోటు పటంలో బయటపడుతుంది. "తేర్చు" డబ్బాను ఒకసారి చూడండి. పైన తేట నీళ్లు వడగట్టడానికి పోయాయి, బాణం ఉంది. అడుగున దూదిపింజల్లాంటి తెల్లటి ముద్దలు దిగాయి కదా, ఫ్లోరైడ్‌ను పట్టుకున్నవి అవే. వాటికి బాణం ఏది? మీ పేరాలో వాటి ఊసే లేదు. చదువుతున్నప్పుడు నాకూ తట్టలేదు, డబ్బాలు గీస్తుంటే తట్టింది. "తేర్చు" కిందికి ఒక సన్నని చుక్కల బాణం గీసి "బురద" అని రాయండి. అది ఎక్కడ పారబోస్తారని మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అల్యూమినియం, ఫ్లోరైడ్ ఉన్న బురద అది, బోరింగ్ పక్కన, పెరట్లో కూరపాదుల్లో పొయ్యకూడదని చెప్పడానికి మీకు చోటు దొరికింది. ఇంట్లో చేసే బకెట్‌కు నల్లా అడుగుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల ఎత్తున పెట్టేది కూడా ఈ బురద నీళ్లతోపాటు బయటికి రాకుండా ఉండడానికే. లావు బాణాలు పని వరసకు, చుక్కల బాణం బయటికి పోయే దానికి. రెండు అర్థాలకు రెండు రకాలు, మూడో రకం పెట్టకండి.

(ఒక చిన్న మాట. "నల్లగొండ పద్ధతి" అని పేరైతే మనదే గాని, దాన్ని రూపొందించింది నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ. మన టీచర్లకు ఇది చెప్తే సంతోషిస్తారు. అది కూడా నోటితోనే చెప్పండి.)

ఇప్పుడు "నీటిని మరిగించుట ద్వారా ఫ్లోరైడ్ తొలగిపోదు." ఇక్కడ నేనే ఒకసారి దెబ్బతిన్నాను. కీలకమైన మాటలు మాత్రమే ఉంచాలని నాకూ ఎవరో చెప్పారు. ఒక శిక్షణలో ఇదే వాక్యాన్ని కత్తిరించి "మరిగించడం – ఫ్లోరైడ్ తొలగింపు" అని పెట్టాను. నా మనసులో అది రెండు విషయాల పేర్లు, వాటి గురించి నేను మాట్లాడతాను, అంతే. సాయంత్రం ఒకాయన నోటుపుస్తకం తెరిచి చూపిస్తే అందులో శుభ్రంగా రాసి ఉంది: "మరిగించడం ద్వారా ఫ్లోరైడ్ తొలగించవచ్చు." నేను నోటితో పోదు అని చెప్పాను, ఆయన కంటితో పోతుంది అని చదివారు. నిలిచింది కన్నే.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఈ ప్రమాదం తక్కువ, వాళ్ల "కాదు" వాక్యం మొదట్లోనో మధ్యలోనో వస్తుంది. మన "కాదు" క్రియలో కలిసిపోయి చిట్టచివర ఉంటుంది. పోదు, రాదు, కూడదు, లేదు, చెయ్యరాదు. వాక్యాన్ని పొట్టి చెయ్యాలంటే చెయ్యి మొదట పోయేది చివరి క్రియ మీదికే. క్రియ తియ్యగానే అర్థం తలకిందులవుతుంది. అందుకని నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది: వ్యతిరేకార్థం ఉన్న వాక్యంలో ముందు మాటలు తీస్తాను, క్రియను మాత్రం ముట్టుకోను. మీ వాక్యం ఇలా అవుతుంది:

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు

మూడే మాటలు. స్లైడ్ మధ్యలో పెద్ద అక్షరాల్లో ఇదొక్కటే పెట్టండి. కింద లెక్క కావాలనిపిస్తే ఒకటే లైను: లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 2 లీటర్ల నీళ్లు మరిగి 1 లీటరైతే 4 మిల్లీగ్రాములు. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ పోదు, కాబట్టి మిగిలిన నీళ్లు చిక్కబడతాయి. మన ఊళ్లలో "కాచి చల్లార్చిన నీళ్లు" అంటే మంచి నీళ్లనే లెక్క, క్రిముల విషయంలో అది నిజం కూడా. అందుకే ఈ మూడు మాటలకు విడిగా ఒక స్లైడ్ దక్కాలి.

మాటలు తగ్గించడానికి మనకు ఒక మంచి పాఠశాల రోజూ గుమ్మం ముందు పడుతుంది. దినపత్రిక శీర్షికలు చూడండి. "పెరిగిన నీటిమట్టం" అంటారు, "నీటిమట్టం పెరిగినది" అనరు. క్రియను నామవాచకం ముందుకు తెచ్చి విశేషణం చేస్తారు, అర్థం చెడకుండా మాట పొట్టిదవుతుంది. మీ పేరాలోని ఉండవచ్చును, ఏర్పడును, వలెను అన్నవి రికార్డు పుస్తకం భాష. చెప్పేటప్పుడు అలా మాట్లాడం, స్లైడ్ మీదా అక్కర్లేదు. కానీ విభక్తి ప్రత్యయాలు తీసేటప్పుడు మాత్రం ఒకసారి ఆగండి. "పటిక ఫ్లోరైడ్" అంటే పటికతో ఫ్లోరైడ్ తియ్యడమా, పటికలో ఉన్న ఫ్లోరైడా? "తో" ఒక్క అక్షరమే, దాన్ని ఉండనివ్వండి. మాట మిగిలిందా లేదా పరీక్షించడానికి ఒక పని చెయ్యండి. ఫ్లోరైడ్ గురించి తెలియని వాళ్లకు, ఇంట్లో పిల్లలకైనా సరే, స్లైడ్ చూపించి "ఇదేం చెప్తుంది?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ పేరాకు వ్యతిరేకంగా ఉంటే ఎక్కువ కత్తిరించినట్టు. ఏమీ చెప్పలేకపోతే పేర్లు మాత్రమే మిగిల్చినట్టు.

పరిమితి అంకెలకు బార్లు చాలు. చార్ట్ పెట్టెలోకి పోవాల్సిన పని కూడా లేదు. మూడు దీర్ఘచతురస్రాలు ఒకదాని కింద ఒకటి గీసి, ఒక్కొక్కదాన్ని నొక్కి Shape Format లో వెడల్పు ఇవ్వండి. 1 మిల్లీగ్రాముకు 4 సెంటీమీటర్లనుకుంటే, 1.0కి 4 సెంటీమీటర్లు, 1.5కి 6. మీ ఊరి బోరు రిపోర్టులో 3.2 వచ్చిందనుకోండి, దానికి 12.8. మూడూ ఎడమవైపు ఒకే గీత నుంచి మొదలవ్వాలి. మొదటి రెండూ బూడిద రంగు, మీ బోరుది ఎరుపు. అంకె బారు చివర రాయండి, అడ్డగీతలు, నిలువుగీతలు, రంగుల పట్టిక ఏవీ వద్దు.

ఒక్కటి మాత్రం కోసెయ్యకూడదు. 1.5 అనేది ఊరికే రెండో పరిమితి కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉండదగ్గది 1.0, వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 దాకా. ఆ షరతు ఎగిరిపోతే "1.5 దాకా పర్వాలేదట" అని ఇంటికి పోతారు. బారు పక్కన "వేరే నీళ్లు లేకుంటే: 1.5" అని రాయండి. షరతులున్న వాక్యాలన్నిటికీ ఇదే పద్ధతి. "లేనప్పుడు, అయితే, తప్ప" అన్న మాటలు చిన్నవిగా ఉంటాయి గనక ముందుగా వేటు వాటి మీదే పడుతుంది, కానీ వాక్యం బరువంతా మోసేది అవే.

ఇక ఫొటో. "దంతములపై చారలు ఏర్పడును" అన్నదాన్ని ఎన్ని మాటల్లో రాసినా ఒక ఫొటో ముందు దిగదుడుపే. కానీ ఏ ఫొటో? నెట్‌లో వెతికితే ముందు వచ్చేవి నీటి చుక్క, గ్లాసు పట్టుకుని నవ్వే పాప. అవి అలంకారం. ఒక పరీక్ష చెప్తాను. ఆ ఫొటో తీసేసి అదే మాట చెప్పండి. విన్నవాళ్లకు ఏమీ తగ్గలేదంటే ఆ ఫొటో అక్కర్లేదు. నీటి చుక్క తీసేస్తే ఏమీ తగ్గదు.

మీ శ్రోతలు మన జిల్లా టీచర్లు. పచ్చబడిన పళ్లు, వంగిన కాళ్లు వాళ్లు చూడనివి కావు. ఫ్లోరోసిస్ ఉందని నిరూపించడానికి ఫొటో అక్కర్లేదు. వాళ్లకు పనికొచ్చేది, తరగతిలో పిల్లవాడి పళ్లు చూసి ఇది మామూలు గారా, ఫ్లోరైడ్ చారా అని అనుమానించగలగడం. ఫ్లోరైడ్ చారలు పంటి మీద అడ్డంగా ఉంటాయి. నోటి ఎడమవైపు పంటికి ఎలా ఉంటే కుడివైపు అదే పంటికీ ఇంచుమించు అలాగే ఉంటాయి. తోమితే పోవు, ఎందుకంటే అవి పైన అంటుకున్న మరక కాదు, దవడలో పన్ను తయారవుతున్నప్పుడే ఎనామెల్‌లో పడ్డ లోపం. కాబట్టి ముందు పళ్లు మాత్రమే కనబడే దగ్గరి ఫొటో ఒకటి స్లైడ్ నిండా పరచండి. దాని మీద రెండే బాణాలు, ఎడమ పంటికొకటి, కుడి పంటికొకటి. కింద నాలుగే మాటలు: "అడ్డచారలు, రెండు వైపులా ఒకేలా, తోమినా పోవు" అంటే కొంచెం ఎక్కువైంది, "అడ్డచారలు, రెండు వైపులా ఒకేలా" చాలు. తోమినా పోవు అన్నది మీరు చెప్పండి.

మీ బడి పిల్లల ఫొటో మాత్రం వాడకండి, ముఖం కత్తిరించినా సరే. అదే కాంప్లెక్స్ టీచర్లు, అదే ఊళ్లు, పన్ను చూసి పేరు చెప్పే వాళ్లుంటారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా ఆ పిల్లవాడికి రేపు బడిలో దాని పేరే పెడతారు. వాడుకోవడానికి అనుమతి ఉన్న దంతవైద్య పుస్తకాల, వెబ్‌సైట్ల బొమ్మ తీసుకోండి, లేదంటే రెండు పళ్లు మీరే గీసి అడ్డచారలు కొట్టండి. గీసిన బొమ్మ కొన్నిసార్లు ఫొటో కంటే బాగా పనిచేస్తుంది, అందులో చూడాల్సింది తప్ప ఇంకేమీ ఉండదు గనక.

మీరే తియ్యదగ్గ ఫొటో ఒకటుంది. గాజు సీసాలో నల్లగొండ పద్ధతి చేసి, తిప్పడం ఆపిన అయిదు నిమిషాలకు, వెనక నల్లగుడ్డ పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా తియ్యండి. తెల్లటి పింజలు దిగుతూ కనబడతాయి. ముందు, మధ్య, తర్వాత అని మూడు ఫొటోలు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. దిగుతున్న ఫొటో ఒక్కటే పటం స్లైడ్ తర్వాత వెయ్యండి, "తేర్చు" అంటే ఏమిటో దానికదే చెప్తుంది. ఆ ఫొటోను ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, తెర మీద పెద్దది చేసినప్పుడు పింజలు మసకబారిపోతాయి.

అన్నీ పేరాల నుంచి తప్పించమని నేను అనడం లేదు. జీవో నుంచి ఒక నిబంధన చదవాలంటే మాటకు మాట ఉండాలి. పద్యం చెప్పాలంటే పద్యమే ఉండాలి. అలాంటిది ఒక్కటే స్లైడ్ మీద పెట్టి, చదువుకోనిచ్చి, అప్పటిదాకా మీరు ఊరుకోండి. జనం చదువుతున్నప్పుడు మీరూ అదే చదివితే రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. బొమ్మ చూపించి, మాట వినిపించి, అవే మాటలు తెర మీద కూడా రాసి చూపిస్తే నేర్చుకునేది తగ్గుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ప్రయోగాల్లో చూపించారు. కొత్త సాంకేతిక పదాలున్నప్పుడు, వినేవాళ్లకు భాష పరాయిదైనప్పుడు మాత్రం కొన్ని మాటలు రాసి చూపడం మేలే చేస్తుంది. అందుకే "క్షారత" అన్న మాట మీరు పలికేటప్పుడు స్లైడ్ మీద ఒక మూల ఆ ఒక్క మాట ఉంటే తప్పులేదు.

అక్షరాల గురించి రెండు మాటలు. గౌతమి ఫాంట్‌లో తెలుగు అదే సైజు ఇంగ్లీషు కంటే చిన్నగా కనబడుతుంది, కాబట్టి ఇంగ్లీషు స్లైడ్లకు చెప్పే లెక్క మనకు సరిపోదు. 28కి తగ్గకండి, మూడు మాటల స్లైడ్ అయితే 60 దాకా పెట్టినా చూడ్డానికి బాగానే ఉంటుంది. రెండు లైన్లు వస్తే లైన్ల మధ్య దూరం 1.2 పెట్టండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. పాత అను ఫాంట్లలో చేసిన స్లైడ్లు కలపకండి. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైపు చెయ్యడమే సుఖం, నాలుగు స్లైడ్లకు కలిపి ఇప్పుడు ముప్ఫై మాటలు కూడా లేవు కదా.

మీటింగ్ రోజు ప్రొజెక్టర్ తగిలించగానే Windows+P నొక్కి Extend ఎంచుకోండి. Duplicateలో ఉంటే మీ Notes తెర మీదికి రాదు గాని మీకూ కనబడదు. Extendలో పెట్టి షో మొదలుపెడితే Presenter View వచ్చి, మీ ల్యాప్‌టాప్ మీద పేరా, గోడ మీద బొమ్మ ఉంటాయి. అది కుదరని గదులూ ఉంటాయి, అందుకే Notes ప్రింటు ఒకటి చేతిలో పెట్టుకోండి. File > Print లో Full Page Slides అని ఉన్నచోట Notes Pages ఎంచుకుంటే పైన స్లైడ్, కింద పేరా వస్తాయి.

అదే పేజీలను పీడీఎఫ్ చేసి దగ్గర పెట్టుకోండి. మీటింగ్ అవగానే "మేడం, పీపీటీ గ్రూపులో పెట్టండి" అంటారు. ఉత్త స్లైడ్లు పెడితే రానివాళ్లకు "తిప్పు, తేర్చు" తప్ప ఏమీ దొరకదు. ఈ పీడీఎఫ్ పెడితే మీరు భద్రంగా దాచిన పేరా, ఆ పటిక పాళ్ల సంగతి, బురద ఎక్కడ పొయ్యకూడదన్న మాట అన్నీ వాళ్లకు చేరతాయి.

బార్ల స్లైడ్‌లో నేను వేసిన 3.2 ఊహించింది. మీ బడి బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చి ఆ అంకె వెయ్యండి. రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, కాబట్టి సీసా రేపే పంపించండి.